కింది కొమ్మ లేని ఫొటో

మొన్న ఆదివారం పొద్దున మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. గీతల నోట్‌బుక్‌లో ఒక పేజీ, దాని మీద పెన్సిల్‌తో గీసిన చెట్టు. అది నేల మీంచి పైకి లేచే చెట్టు కాదు, ఎడమ నుంచి కుడికి పాకే చెట్టు. సంభావ్యత లెక్కల్లో ట్రీ డయాగ్రామ్ అంటారే, అదీ. ఫొటో వెనకే గొంతు కూడా వచ్చింది: "మావయ్యా, చెట్టు సరిగ్గానే గీశాను కదా? సార్ జవాబు తప్పంటున్నారు. ఎక్కడ తప్పానో చూసి చెప్పవా?"

లెక్క ఇది. జ్వరం, దగ్గు ఉండి, ఇంట్లో ఒకరికి అప్పటికే కరోనా తేలినవాళ్ళు పరీక్షకి వస్తున్నారు. అలా వచ్చేవాళ్ళలో 40 శాతం మందికి నిజంగానే కరోనా ఉంది. చేసేది ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష. జబ్బు ఉన్నవాళ్ళలో 70 శాతం మందికి అది పాజిటివ్ చూపిస్తుంది, మిగతా 30 శాతం మందిని వదిలేస్తుంది. జబ్బు లేనివాళ్ళలో 99.5 శాతం మందికి నెగటివ్ అనే చెబుతుంది, అర శాతం మందికి మాత్రం పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. ఒకాయనకి నెగటివ్ వచ్చింది. అయినా ఆయనకి జబ్బు ఉండే సంభావ్యత ఎంత?

పేజీ అడుగున ఆమె మొదట 0.30 అని రాసి కొట్టేసింది. దాని పక్కన 0.12 అని రాసి చుట్టూ గడి కట్టింది. రెండూ కావు. రెండు అంకెలూ మాత్రం ఆ చెట్టులోవే. లెక్క వచ్చిన పిల్ల కూడా తప్పేది సరిగ్గా ఈ చోటే.

ముందు చెట్టుని చదవడం ఎలాగో చూద్దాం. ఎడమ అంచున ఒక చుక్క. దాన్ని కణుపు అందాం, చెరకుగడ మీద కణుపులాంటిదే. ఆ మొదటి కణుపు నుంచి రెండు కొమ్మలు బయల్దేరతాయి. పై కొమ్మ ‘జబ్బు ఉంది’, దాని మీద 0.4. కింది కొమ్మ ‘జబ్బు లేదు’, దాని మీద 0.6. ఒక్కో కొమ్మ చివర మళ్ళీ ఒక కణుపు, అక్కణ్ణించి మళ్ళీ రెండేసి కొమ్మలు, ‘పాజిటివ్’, ‘నెగటివ్’ అని. జబ్బు ఉన్న కణుపు నుంచి వెళ్ళే కొమ్మల మీద 0.7, 0.3 ఉంటాయి. జబ్బు లేని కణుపు నుంచి వెళ్ళే వాటి మీద 0.005, 0.995.

రెండో వరస కొమ్మల మీది అంకెలు మొదటి వరస అంకెల లాంటివి కావు. మొదటి కొమ్మ మీది 0.4 పరీక్షకి వచ్చినవాళ్ళందరి గురించి చెప్పే మాట. దాని తరవాతి కొమ్మ మీది 0.7 అందరి గురించీ కాదు. జబ్బు ఉన్నవాళ్ళని మాత్రమే పక్కకి తీసి నిలబెట్టి, వాళ్ళలో ఎందరికి పాజిటివ్ వస్తుందంటే చెప్పే జవాబు అది. ‘జబ్బు ఉంటే’ అన్న షరతు ఆ అంకె వెనక నిలబడి ఉంటుంది. అందుకే దీన్ని షరతు సంభావ్యత అంటారు. పుస్తకంలో P(పాజిటివ్ | జబ్బు) అని రాస్తారు. నిలువు గీతకి కుడి పక్కనున్నది మనం ముందే ఒప్పుకున్న సంగతి, ఎడమ పక్కనున్నది అడుగుతున్న సంగతి.

ఇలాంటి ఫొటో ఎవరు పంపినా నేను ముందు చూసేది ఒక్కటే. ప్రతి కణుపు నుంచి బయల్దేరే కొమ్మలన్నీ కలిపితే 1 రావాలి. మా పిల్ల చెట్టులో జబ్బు లేని కణుపు దగ్గర 0.05, 0.995 అని ఉన్నాయి. కలిపితే 1.045. ఒక సున్నా జారిపోయింది, అర శాతాన్ని అయిదు శాతం చేసింది. కొమ్మలు కూడి చూసుకుంటే ఇలాంటివి అక్కడికక్కడే దొరికిపోతాయి. కానీ ఆమె జవాబు తప్పడానికి కారణం అది కాదు, ఎందుకంటే జవాబులో ఆ కొమ్మని ఆమె వాడనే లేదు.

ఒక దారి వెంట కొస దాకా వెళ్తే దారిలోని అంకెల్ని గుణించాలి. జబ్బు ఉండి పాజిటివ్ రావడం 0.4 × 0.7, అంటే 0.28. జబ్బు ఉండి నెగటివ్ రావడం 0.4 × 0.3, అంటే 0.12. జబ్బు లేక పాజిటివ్ రావడం 0.6 × 0.005, అంటే 0.003. జబ్బు లేక నెగటివ్ రావడం 0.6 × 0.995, అంటే 0.597. నాలుగు కొసలు, నాలుగు అంకెలు. కలిపితే సరిగ్గా 1. పరీక్షకి వచ్చిన ఏ మనిషైనా ఈ నాలుగింటిలో ఏదో ఒక కొసకి చేరాల్సిందే.

మా పిల్ల రాసిన రెండు జవాబులూ ఎక్కడివో ఇప్పుడు తెలుస్తుంది. 0.30 అన్నది కొమ్మ మీది అంకె. జబ్బు ఉన్నవాడికి నెగటివ్ వచ్చే సంభావ్యత అది. 0.12 కొస మీది అంకె. వచ్చినవాళ్ళందరిలో జబ్బూ ఉండి నెగటివూ వచ్చినవాళ్ళు ఎంతమంది అంటే 12 శాతం. లెక్క అడిగింది ఈ రెండూ కాదు. చేతిలో నెగటివ్ చీటీ ఉంది, ఆ చీటీ ఉన్నవాళ్ళలో జబ్బు ఉన్నవాళ్ళెందరు అని అడిగింది. 0.30లో షరతు జబ్బు. 0.12కి షరతే లేదు. మనకి కావలసిన దానిలో షరతు నెగటివ్ రావడం. వాక్యాలుగా చదివితే మూడూ ఒకేలా వినిపిస్తాయి. మూడు వేర్వేరు గుంపుల్ని అవి లెక్కపెడుతున్నాయి.

ఆ పిల్లకి ఫోన్ చేసి, దశాంశాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టమన్నాను. పదివేల మంది వచ్చారనుకో. 4,000 మందికి జబ్బు ఉంది. వాళ్ళలో 2,800 మందికి పాజిటివ్, 1,200 మందికి నెగటివ్. జబ్బు లేనివాళ్ళు 6,000. వాళ్ళలో 30 మందికి పాజిటివ్, 5,970 మందికి నెగటివ్. ఇప్పుడు నెగటివ్ చీటీ ఉన్నవాళ్ళందర్నీ ఒక హాల్లోకి రమ్మను. ఎంతమంది వస్తారు?

"1,200 మంది, ఇంకా... 5,970 మంది. మొత్తం 7,170."

వాళ్ళలో జబ్బు ఉన్నవాళ్ళు?

"1,200. అంటే 7,170కి 1,200." కాసేపు ఆగి, "0.167 మావయ్యా. ఆరుగురిలో ఒకరు!" అంది.

అదే జవాబు. దశాంశాల్లో రాస్తే 0.12 ÷ (0.12 + 0.597) = 0.167. పుస్తకంలో బేయ్స్ సిద్ధాంతం పేరుతో అరపేజీ సూత్రం ఉంటుంది. దానిలోనూ ఉన్నది ఇదే భాగహారం. మనకి కనిపించిన ఫలితం ఏయే కొసల్లో ఉందో వెతికి వాటన్నిటినీ కలిపి హారంలో పెట్టాలి. మనం అనుమానిస్తున్న కారణం నుంచి వచ్చిన కొసని లవంలో పెట్టాలి.

మళ్ళీ ఫొటో తెరిచి చూశాను. చెట్టు సగమే పడింది. ఫోన్ కొంచెం పైకెత్తి తీసినట్టుంది, జబ్బు లేని కణుపు నుంచి దిగే ఆఖరి కొమ్మ, దాని కొసన ఉండాల్సిన 0.597 కింద అంచు దగ్గర తెగిపోయాయి. నోట్‌బుక్‌లో అవి ఉన్నాయట. జవాబులో మాత్రం లేవు. హారంలోకి రావలసింది సరిగ్గా ఆ కొమ్మే.

మన మనసు కూడా తరచు ఫొటో ఇలాగే తీస్తుంది. వాన పడితే రోడ్డు తడుస్తుంది, అది దాదాపు ఖాయం. పొద్దున లేచి తలుపు తీస్తే వీధి తడిగా ఉంది. రాత్రి వాన పడిందా? ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకర్లు తిరిగే వీధైతే అంత తొందరగా చెప్పలేం. ట్యాంకరు కారుకుంటూ పోయినా రోడ్డు తడుస్తుంది కదా. వాన పడితే రోడ్డు తడవడం ఎంత ఖాయమైనా, వెనక్కి వెళ్ళేటప్పుడు ఆ ఖాయం ఒక్కటీ చాలదు. వాన లేకుండా రోడ్డు తడిసే దారి ఎంత వెడల్పుగా ఉందో చూడాలి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు మనవాళ్ళు. ఆ సామెత నిప్పు ఉంటే పొగ వస్తుందని చెప్పడం లేదు, గమనించండి. ‘నిప్పు లేదు’ అన్న కణుపు నుంచి ‘పొగ’కి వెళ్ళే కొమ్మ మీద సున్నా ఉందని చెబుతోంది. ఆ ఒక్క కొమ్మ సున్నా అయితే పొగ నుంచి నిప్పుకి ధైర్యంగా వెనక్కి వెళ్ళొచ్చు, జవాబు 1. చెట్టుని తిరగేయడంలో ఉన్న కిటుకంతా ఆ సామెతలో ఉంది. ఊరి పుకార్లకి దాన్ని వాడేటప్పుడు మాత్రం ఆ సున్నా నిజంగా సున్నాయేనా అని ఎవరూ అడగరు.

మా పిల్ల లెక్కలోని అంకెలు గాల్లోంచి ఊడిపడలేదు. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి, మనం ఐ.సి.ఎం.ఆర్. అని పిలిచేది, దేశంలో యాంటిజెన్ పరీక్షకి మొదటిసారి అనుమతి ఇచ్చింది. దక్షిణ కొరియా కంపెనీ ఎస్.డి. బయోసెన్సర్ వాళ్ళ స్టాండర్డ్ క్యూ కిట్ అది. ముక్కులోంచి పుల్లతో నమూనా తీసి, ద్రావకంలో కలిపి, చుక్కలు పట్టీ మీద వేసి, 15 నిమిషాల తరవాత, 30 నిమిషాల లోపు గీతలు చూసేవారు. సి దగ్గర గీత పడితే పట్టీ పని చేసినట్టు, టీ దగ్గర కూడా పడితే పాజిటివ్. జబ్బు లేనివాళ్ళని లేనట్టే చూపించడంలో ఆ కిట్ 99.3 నుంచి 100 శాతం సరిగ్గా ఉందని ఐ.సి.ఎం.ఆర్. సలహా పత్రం చెప్పింది. జబ్బు ఉన్నవాళ్ళని పట్టడంలో మాత్రం 50.6 నుంచి 84 శాతం. ఒంట్లో వైరస్ ఎంత ఉంటే అంత బాగా పడుతుంది.

ఆ పత్రంలోనే ఒక నియమం పెట్టారు. పాజిటివ్ వస్తే మళ్ళీ పరీక్ష అక్కర్లేదు, జబ్బు ఉన్నట్టే లెక్క. లక్షణాలు ఉండి నెగటివ్ వస్తే మాత్రం తప్పనిసరిగా ఆర్టీ-పీసీఆర్ చేయించాలి. అప్పట్లో చాలామందికి ఇది వింతగా తోచింది. పాజిటివ్ అంటే నమ్ముతారు, నెగటివ్ అంటే నమ్మరు, ఇదేం పరీక్ష అని విసుక్కున్నవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. కింది అంతస్తులో ఉండే పెద్దాయన ఒకరు జ్వరంతోనే యాంటిజెన్ చేయించుకుని, నెగటివ్ చీటీ జేబులో పెట్టుకుని రెండు రోజులు మామూలుగా తిరిగారు. మూడో రోజు ఆర్టీ-పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చింది. కిట్ మోసం చేసిందని ఆయన ఇప్పటికీ అంటారు.

మోసమేమీ లేదు. చెట్టులోనే ఉంది. పాజిటివ్ చీటీ ఉన్నవాళ్ళని ఇంకో హాల్లోకి పిలవండి. 2,800 మంది జబ్బు ఉన్నవాళ్ళు, 30 మంది లేనివాళ్ళు. 2,830లో 2,800 అంటే దాదాపు 99 శాతం. పాజిటివ్ వైపు ‘జబ్బు లేదు’ కొమ్మ సన్నటి పుల్ల, నిప్పు-పొగ సామెతకి దగ్గరగా ఉంది. అందుకే నమ్మారు. నెగటివ్ హాల్లో ఆరుగురికి ఒకరు జబ్బుతో ఉన్నారు. అందుకే నమ్మలేదు. పాజిటివ్‌ని ఒకలా, నెగటివ్‌ని ఇంకోలా చూడమన్న నియమంలో వైరుధ్యం లేదు, చెట్టుకి రెండు వైపులా కొమ్మల లావు వేరు.

ఈ మాట ఇంకోలా కూడా చూడొచ్చు. చెట్టుని నిజంగానే తిరగేసి గీయండి. ఈసారి మొదటి కణుపు దగ్గర జబ్బు కాదు, చీటీ. పాజిటివ్ 0.283, నెగటివ్ 0.717. ఇవి ఎక్కణ్ణించి వచ్చాయంటే, 0.28, 0.003 కలిపితే మొదటిది, 0.12, 0.597 కలిపితే రెండోది. రెండో వరసలో పాజిటివ్ నుంచి జబ్బుకి 0.989, జబ్బు లేకపోవడానికి 0.011. నెగటివ్ నుంచి జబ్బుకి 0.167, లేకపోవడానికి 0.833. కొసల్లో మళ్ళీ అవే నాలుగు అంకెలు, 0.28, 0.003, 0.12, 0.597. మనుషులు మారలేదు, వరస మారింది. మొదటి చెట్టు ఒంట్లో జబ్బు పుట్టి పట్టీ మీద గీత పడే క్రమంలో ఉంది. రెండోది డాక్టరు చూసే క్రమంలో ఉంది, ముందు చీటీ, తరవాత మనిషి.

అదే కిట్‌ని ఇంకోచోటికి తీసుకెళ్దాం. ఏ లక్షణాలూ లేని పదివేల మందికి, ఒక పెద్ద కార్యాలయంలో అనుకోండి, వరసగా పరీక్ష చేశారు. అక్కడ జబ్బు ఉన్నవాళ్ళు 1 శాతమే, అంటే 100 మంది. కిట్ వాళ్ళలో 70 మందిని పట్టి 30 మందిని వదిలేసింది. మిగతా 9,900 మందిలో అర శాతం, దాదాపు 50 మందికి పొరపాటున పాజిటివ్ వచ్చింది. ఇక్కడ పాజిటివ్ హాల్లో 120 మంది ఉన్నారు, వాళ్ళలో జబ్బు ఉన్నది 70 మందికి. 58 శాతం. పన్నెండు మందిలో అయిదుగురు ఏ జబ్బూ లేకుండానే గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. నెగటివ్ హాల్లో 9,880 మందికి గాను జబ్బు ఉన్నవాళ్ళు 30 మంది, వెయ్యికి ముగ్గురు. అక్కడ పాజిటివ్‌ని నమ్మి నెగటివ్‌ని అనుమానించాం. ఇక్కడ నెగటివ్‌నే నిశ్చింతగా నమ్మొచ్చు, పాజిటివ్‌ని మరోసారి చూసుకోవాలి. కిట్ మారలేదు, రెండో వరస కొమ్మల మీద ఒక్క అంకె కూడా మారలేదు. మారింది మొదటి కొమ్మ.

చీటీ మీద రెండో వరస సంగతే ఉంటుంది. మొదటి కొమ్మ అచ్చు వేయడం ఏ ల్యాబుకీ సాధ్యం కాదు, ఎందుకంటే ఆ అంకె ల్యాబులో ఉండదు. ఆ మనిషికి జ్వరం ఉందా, ఎన్ని రోజులుగా ఉంది, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అన్న వాటిలో ఉంటుంది. డాక్టరు చీటీ పక్కన పెట్టి ముందు ఈ ప్రశ్నలు అడిగితే చాదస్తం అనుకుంటాం గానీ, ఆయన మొదటి కొమ్మ మీద అంకె వెతుక్కుంటున్నాడు.

ఆ అంకెని పాజిటివ్‌ల శాతంలోంచి తీసుకుంటే సరిపోతుందిగా అనిపిస్తుంది. సరిపోదు. మొదటి శిబిరం రిజిస్టరులో పాజిటివ్‌లు 28.3 శాతం, నిజంగా జబ్బు ఉన్నది 40 శాతానికి. కార్యాలయం రిజిస్టరులో పాజిటివ్‌లు 1.2 శాతం, నిజంగా ఉన్నది 1 శాతమే. ఒకే కిట్ ఒకచోట తక్కువ చేసి చూపించింది, ఇంకోచోట ఎక్కువ చేసి చూపించింది.

ఈ తిరగేసే పద్ధతికి పేరు పెట్టుకున్న థామస్ బేయ్స్ ఇంగ్లండులో ఒక చర్చి బోధకుడు. 1761లో పోయాడు. ఆయన కాగితాల్లో దొరికిన వ్యాసాన్ని స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ సరిచేసి రాయల్ సొసైటీకి పంపితే 1763లో అచ్చయింది. కొన్నేళ్ళకి ఫ్రాన్సులో పాతికేళ్ళ కుర్రాడు లాప్లాస్ 1774లో ఇదే దారిని తనంతట తానుగా పట్టుకున్నాడు. ఆయన వ్యాసానికి పెట్టుకున్న పేరే, సంఘటనల్ని బట్టి కారణాల సంభావ్యత అని. ఆ వ్యాసంలో ఆయన ఒక సౌకర్యం చూసుకున్నాడు, కారణాలన్నీ ముందుగా సమానమే అనుకున్నాడు. మన చెట్టులో అయితే మొదటి రెండు కొమ్మల మీదా 0.5 రాసినట్టు. అలా రాస్తే మన లెక్కకి జవాబు 0.232 వస్తుంది. మొదటి శిబిరంలో నిజం 0.167, కార్యాలయంలో 0.003. ఏమీ తెలియనప్పుడు సగం సగం అనుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది, కానీ జ్వరంతో వచ్చినవాడికీ ఒంట్లో ఏమీ లేకుండా వచ్చినవాడికీ ఒకే అంకె రాయడం తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని పారేయడం. తరవాతి రోజుల్లో లాప్లాసే కారణాలు అసమానంగా ఉన్నప్పుడు ఏం చేయాలో కూడా రాశాడు.

రెండో వరస కొమ్మలూ రాతి మీద చెక్కినవి కావు. 70 శాతం అన్నాం గానీ, ఐ.సి.ఎం.ఆర్. చెప్పినది 50.6 నుంచి 84 దాకా. 50 శాతమే పట్టే రోజున, అంటే ఒంట్లో వైరస్ తక్కువగా ఉన్నప్పుడో నమూనా సరిగ్గా తీయనప్పుడో, మొదటి శిబిరంలో 2,000 మంది తప్పించుకుంటారు. నెగటివ్ హాల్లో 7,970 మందికి 2,000, నలుగురిలో ఒకరు. 84 శాతం పట్టే రోజున 640 మందే తప్పించుకుంటారు, అప్పుడు పదిమందిలో ఒకరు. చెట్టు చెప్పిన ‘ఆరుగురిలో ఒకరు’ నిజానికి నలుగురిలో ఒకరికీ పదిమందిలో ఒకరికీ మధ్య ఎక్కడో ఉంటుంది. 0.167 అని మూడు స్థానాల దాకా రాయడం పరీక్ష పేపరు కోసమే.

ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది, దాన్ని లెక్కలు వచ్చినవాళ్ళే చేస్తారు. నెగటివ్ వచ్చినవాళ్ళకి అదే కిట్‌తో ఇంకోసారి చేస్తే? చెట్టుకి మూడో వరస తగిలిస్తే సరి. 1,200 మందిలో మళ్ళీ 30 శాతం తప్పించుకుంటారు, అంటే 360. జబ్బు లేని 5,970 మందిలో దాదాపు 5,940 మందికి మళ్ళీ నెగటివ్. 6,300కి 360, ఆరు శాతం లోపే. కాగితం మీద ఎంతో బావుంది. కానీ మొదటిసారి ఆ 1,200 మంది ఎందుకు తప్పించుకున్నారు? చాలామంది వైరస్ తక్కువగా ఉండటం వల్ల. పది నిమిషాల తరవాత మళ్ళీ పుల్ల పెట్టినా ఆ వైరస్ తక్కువగానే ఉంటుంది. అప్పుడు మూడో వరస కొమ్మ మీద 0.3 రాయడానికి వీల్లేదు, ఇంకా పెద్ద అంకె రాయాలి. ఒకసారి తప్పించుకున్నవాడు అదే వలలోంచి మళ్ళీ తప్పించుకోవడం తేలిక. షరతులో ఇప్పుడు ‘జబ్బు ఉంటే’ ఒక్కటే లేదు, ‘జబ్బు ఉండి ఇంతకుముందు ఒకసారి తప్పించుకుని ఉంటే’ అని ఉంది. అందుకే రెండో పరీక్షగా అదే కిట్ వద్దని ఆర్టీ-పీసీఆర్ చెప్పారు. యాంటిజెన్ పట్టీ వైరస్ ప్రొటీన్‌ని ఉన్నదున్నట్టు వెతుకుతుంది. ఆర్టీ-పీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని వెతికి, దొరికిన కాస్తనీ మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేసుకుంటూ పోతుంది. తక్కువ ఉన్నా పడుతుంది, అంటే వల వేరు.

చెట్టులో లేని కారణం జవాబులో రాదు, ఇదీ మరిచిపోయే సంగతే. మన చెట్టు మొదటి కణుపు దగ్గర కరోనా ఉందా లేదా అనే అడిగాం. నెగటివ్ వచ్చిన ఆరుగురిలో అయిదుగురికి కరోనా లేదని తేలింది, సరే. మరి వాళ్ళకి జ్వరం ఎందుకొచ్చింది? డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. ఆ కొమ్మలు మనం గీయలేదు. వాటి మాట చెట్టుకి తెలియదు.

సాయంత్రం మా పిల్ల చెట్టు మళ్ళీ గీసి ఇంకో ఫొటో పంపింది. 0.05ని 0.005 చేసింది. కొసల నాలుగు అంకెలూ పక్కన నిలువుగా రాసి కూడింది, 1 వచ్చింది. నెగటివ్ ఉన్న రెండు కొసల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. కింద 0.167. "ఇప్పుడు కరెక్టే కదా మావయ్యా?" అని అడిగింది.

కరెక్టే అన్నాను. ఇంకో లెక్క ఇచ్చాను, మీరూ చేసి చూడండి. అదే కిట్, పదివేల మందిలో జబ్బు ఉన్నది పదిమందికే. పాజిటివ్ వచ్చినవాళ్ళలో నిజంగా జబ్బు ఉన్నది ఎంత శాతం మందికి? 12 శాతం దగ్గర్లో రావాలి. రాకపోతే ఏదో ఒక కొమ్మ మీ కాగితం అంచు దాటిపోయి ఉంటుంది.